పదకొండో దెబ్బ

మా హాస్య చానల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటల వీక్షణ సమయం సమకూరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. 100 డాలర్లు నిండేదాకా యూట్యూబ్ రూపాయి కూడా పంపదు కనుక మరో ఐదు నెలలు ఎదురుచూశాం. చివరికి 23వ తేదీ మధ్యాహ్నం నా ఖాతాలో 8,740 రూపాయలు పడ్డాయి.

తణుకు వెళ్లి డబ్బు తెచ్చి, మా అరుగు మీద శీను చేతిలో మూడు వేలు పెట్టాను. శీను మా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్లు చిన్న.

"మిగతాది?" అన్నాడు.

"ఫోను నాది. దాని వాయిదాలు ఇంకా కడుతున్నాను. రాసేది నేను, రాత్రి రెండింటిదాకా ఎడిటింగ్ చేసేది నేను."

నోట్లు లెక్కపెట్టలేదు. అరుగు మీద ఉంచి, ఎగిరిపోకుండా పైన మంచినీళ్ల చెంబు పెట్టాడు.

"ముఖం నాది కదా బావా. నిన్న ఎరువుల కొట్లో ఒకాయన 'ఏదీ, ఒకసారి తన్నులు తిని చూపించు' అన్నాడు. మా నాన్న పక్కనే ఉన్నాడు. నువ్వు వీధిలో నడుస్తుంటే నిన్ను ఎవరూ అలా అడగరు."

"నేను రాయకపోతే ఆ ముఖం ఎవరికి తెలుసు?"

అనకూడని మాట. శీను లేచి వెళ్లిపోయాడు.

శుక్రవారం పెట్టాల్సిన వీడియో ఉంది. రాత్రి ముక్కలన్నీ వరసగా తెరిచాను. అల్లుణ్ణి మామగారు చెంపదెబ్బ కొట్టే దృశ్యం. ఫోనును ఇటుకల మీద నిలబెట్టి మామగారి వేషం నేనే వేశాను. దెబ్బ చప్పుడు ఫోనుకు అందడం లేదని మళ్లీ మళ్లీ తీశాం. ఎన్నిసార్లు తీశామో ఆ రోజు లెక్కే పెట్టుకోలేదు. పదకొండు. ఏడోసారికే వాడి ఎడమ చెంప చెవిదాకా కందిపోయింది. కంట్లో నీళ్లు లుంగీ అంచుతో ఒత్తుకుని, నేలమీద సుద్దముక్కతో గీసిన గుర్తు దగ్గరకు తనంతట తానే వచ్చి నిలబడ్డాడు. "ఈసారి ఇంకాస్త గట్టిగా కొట్టు బావా, చప్పుడు రావాలి" అంటున్నాడు. వీడియోలో ఉండేది చివరి రెండు సెకన్లే. ఆ మాట నేను కోసి పారేసేదే.

ఇక నిద్ర పట్టలేదు. తెల్లవారుతూనే వాళ్ల చేను దగ్గరకు వెళ్లాను. శీను మడికి నీళ్లు మళ్లిస్తున్నాడు. నేను అన్న మాట తప్పని చెప్పి, 4,370 రూపాయలు చేతికిచ్చాను. పార పక్కన పెట్టి, తడి చెయ్యి చొక్కాకు తుడుచుకుని, ఈసారి లెక్కపెట్టాడు. ఆరు వందలు విడదీసి నాకు తిరిగి ఇచ్చాడు.

"నువ్వూ ఇంతే వెయ్యి బావా. కాలర్ మైకు కొందాం."

"ఇప్పుడెందుకు రా?"

"చప్పుడు మొదటిసారికే పడుతుంది" అంటూ చెంప తడుముకున్నాడు.