పర్సనల్ లోన్ తిరస్కరణపై పునఃపరిశీలన అభ్యర్థన

తేదీ: 02-09-2025

బ్రాంచ్ మేనేజర్ గారికి,
రుణాల విభాగం.

విషయం: అప్లికేషన్ నంబర్ పీఎల్-40718 – రూ. 4,00,000, 48 నెలలు – కొత్త ఆదాయ పత్రాల ఆధారంగా మళ్లీ పరిశీలించమని మనవి.

అయ్యా,

జూలై 8న నేను పెట్టుకున్న అప్లికేషన్‌ను, కట్టాల్సిన వాయిదాలు నికర జీతంలో 50 శాతం దాటుతున్నాయన్న కారణంతో జూలై 18న తిరస్కరించారు. అప్పుడు ఇచ్చిన పత్రాలను బట్టి ఆ లెక్క సరైనదే. ఏప్రిల్, మే, జూన్ పే స్లిప్పుల్లో నికర జీతం రూ. 38,400. పాత ఈఎంఐలు రూ. 10,600, కొత్త ఈఎంఐ 12 శాతం వడ్డీ మీద సుమారు రూ. 10,534. మొత్తం రూ. 21,134, అంటే 55 శాతం.

జూన్ 1 నుంచి నాకు సీనియర్ టీచర్‌గా ప్రమోషన్ వచ్చింది. ఉత్తర్వు ఆలస్యంగా రావడంతో జూన్ జీతం పాత లెక్కనే పడింది. ఇప్పుడు నికర జీతం రూ. 46,900. జూలై జీతంగా ఖాతాలో పడిన రూ. 55,400లో రూ. 8,500 జూన్ బకాయి. అది ఒక్కసారి వచ్చే సొమ్ము కాబట్టి రెండు నెలల సగటు తీయకుండా, ఆగస్టులో వచ్చిన రూ. 46,900నే నా ఆదాయంగా తీసుకోండి.

నెలకు రూ. 3,400 కట్టిన టూవీలర్ లోన్ ఆగస్టు 5న తీరిపోయింది. క్రెడిట్ రిపోర్టులో అది ఇంకా నడుస్తున్నట్టే కనిపించవచ్చు, అందుకే ఎన్‌ఓసీ జతచేశాను. మిగిలిన పాత ఈఎంఐ రూ. 7,200తో కలిపితే నెలకు రూ. 17,734, అంటే దాదాపు 38 శాతం. ఎన్‌ఓసీని పక్కనపెట్టి టూవీలర్ వాయిదాను కలిపి చూసినా 45 శాతమే అవుతుంది.

కొత్త జీతానికి రెండు పే స్లిప్పులే ఉన్నాయి. ఈ పెంపు తాత్కాలికం కాదని పాఠశాల ఇచ్చిన జీత ధ్రువపత్రంలో స్పష్టంగా ఉంది. 2024-25 ఫారం 16లో మాత్రం పాత జీతమే కనిపిస్తుంది, దాన్ని బట్టి ఇప్పటి ఆదాయాన్ని లెక్కించవద్దని మనవి.

వీలైతే పాత ఫైల్ మీదే పరిశీలించండి. కొత్త అప్లికేషన్ పెడితే నా క్రెడిట్ రిపోర్టులో మరో ఎంక్వైరీ చేరుతుంది. రిపోర్టు మళ్లీ తీయక తప్పదంటే ముందుగా నాకు చెప్పండి. పూర్తి మొత్తం కుదరకపోతే రూ. 3,50,000 అయినా సమ్మతమే. గడువు పెంచితే వడ్డీ భారం పెరుగుతుంది కనుక 48 నెలలే ఉంచండి. మళ్లీ తిరస్కరించాల్సి వస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.

జతపరిచినవి: ప్రమోషన్ ఉత్తర్వు, జీత ధ్రువపత్రం, జూలై, ఆగస్టు పే స్లిప్పులు, ఆరు నెలల జీతం ఖాతా స్టేట్‌మెంట్, ఫారం 16, టూవీలర్ లోన్ ఎన్‌ఓసీ, మీ తిరస్కరణ లేఖ నకలు. సరిచూసుకోవడానికి అసలు పత్రాలు తీసుకురాగలను. బడి రోజుల్లో సాయంత్రం 4 గంటల తర్వాత ఫోన్‌లో దొరుకుతాను, నంబర్ అప్లికేషన్‌లో ఉన్నదే.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం)
పి. వసుంధర
సీనియర్ టీచర్, గణితం