మూడు గిన్నెల స్టీలు లంచ్ క్యారేజీ: 304 గ్రేడు, 1 లీటరు, వాక్యూమ్ జాడీ

మధ్యాహ్నానికి కూడా వేడి అన్నమే కావాలనుకునే ఉద్యోగులకు, విద్యార్థులకు తగినట్లుగా చేసిన ఈ క్యారేజీలో ఒక వాక్యూమ్ జాడీ, దానిలో ఒకదానిపై ఒకటి కూర్చునే రెండు గిన్నెలు, జాడీ మూతపైన విడిగా అమరే చిన్న గిన్నె ఉంటాయి. అన్నానికి అడుగు గిన్నె 500 మిల్లీలీటర్లు, పప్పుకో పులుసుకో మధ్య గిన్నె 300, పెరుగుకు పై గిన్నె 200 మిల్లీలీటర్లు పడతాయి. వేడిలో ఉంటే పెరుగు మధ్యాహ్నానికి పులిసిపోతుంది కాబట్టి ఆ గిన్నెను కావాలనే జాడీకి వెలుపల ఉంచాము.

గిన్నెలన్నీ, జాడీ లోపలి గోడ 304 గ్రేడు స్టీలుతో చేసినవి. ఇందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండడం వల్ల చింతపండు పులుసు, నిమ్మకాయ పులిహోర వంటి పుల్లని పదార్థాలను ఇది బాగా తట్టుకుంటుంది. అయినా ఉప్పు ఎక్కువగా ఉండే ఊరగాయను రాత్రంతా నిల్వ ఉంచితే ఏ స్టీలుకైనా మచ్చలు పడవచ్చు. ఆహారం తగలని బయటి గోడ మాత్రం 202 గ్రేడు. ఈ రెండు గ్రేడులూ సాధారణంగా అయస్కాంతానికి అంటుకోవు కనుక, కొట్లలో చేసే అయస్కాంత పరీక్షతో తేడా తెలియదు. ప్రతి గిన్నె అడుగున గ్రేడు ముద్రించాము.

మధ్య గిన్నె మూతకు సిలికాన్ రింగు, నాలుగు వైపులా క్లిప్పులు ఉన్నాయి. బైకు మీద బ్యాగు పక్కకు ఒరిగినా సాంబారు కారదు. పెరుగు గిన్నెకూ ఇదే అమరిక ఉంది. అన్నం గిన్నెది మామూలు మూత, అందులో ద్రవపదార్థాలు పోయవద్దు. పొయ్యి మీదినుంచి దించిన రసాన్ని వెంటనే బిగిస్తే లోపల ఆవిరి పట్టి మూత తెరవడం కష్టమవుతుంది. రెండు నిమిషాలు ఆగి క్లిప్పులు వేయండి.

ముందుగా జాడీలో మరుగుతున్న నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, గిన్నెలను నిండుగా నింపి, 85 డిగ్రీల సెల్సియస్ వేడితో సర్దినప్పుడు అన్నం 4 గంటల తర్వాత 60 డిగ్రీలకు పైన, 6 గంటల తర్వాత 50 డిగ్రీలకు పైన ఉంటుంది. సగం నింపితే, మధ్యలో మూత తెరిస్తే ఈ సమయం తగ్గుతుంది. ఉదయం ఎనిమిదింటికి కట్టి ఒంటిగంటకు తినేవారికి ఇది సరిపోతుంది; రాత్రి భోజనం దాకా దాచడానికి ఇది పనికిరాదు.

ఎత్తు 21 సెంటీమీటర్లు, వ్యాసం 13 సెంటీమీటర్లు, ఖాళీ బరువు 950 గ్రాములు. గిన్నెలను మామూలుగా తోముకోవచ్చు గానీ జాడీని నీళ్లలో నానబెట్టకూడదు, పొయ్యి మీద పెట్టకూడదు. ధర రూ.1,650, అదనపు సిలికాన్ రింగు, గుడ్డ సంచి పెట్టెలోనే వస్తాయి. వేడి అన్నం సర్దాక జాడీ బయటి గోడ వెచ్చబడితే వాక్యూమ్ పోయినట్లే. కొన్న ఏడాదిలోపు అలా జరిగితే బిల్లు చూపి కొత్త జాడీ తీసుకోవచ్చు.