చదువుకునే బల్ల గురించి మీరు చేసిన ఫిర్యాదుకు జవాబు

అయ్యా,

నమస్కారం. జూలై 14న మీరు రాసిన ఉత్తరం చదివాక, ఆర్డర్ పుస్తకాన్నీ మనం పంపుకున్న సందేశాలనూ ముందు పెట్టుకుని, బల్ల చేసిన వడ్రంగితో కూడా మాట్లాడి ఈ జవాబు రాస్తున్నాను.

జూన్ 20న ఇస్తామన్న బల్లను జూలై 1న ఇచ్చాం. పదకొండు రోజుల ఆలస్యం పూర్తిగా మా తప్పు. అంతకన్నా పెద్ద తప్పు, మీరు మూడుసార్లు ఫోన్ చేసేదాకా మేము ఆ సంగతి చెప్పకపోవడం. కొత్తది వస్తుందన్న నమ్మకంతో పాత బల్లను ఇచ్చేసి, పిల్లలు నేల మీద కూర్చుని చదువుకోవలసి వచ్చిందని మీరు రాసిన మాట నన్ను చాలా బాధపెట్టింది. మమ్మల్ని క్షమించండి.

సొరుగు పట్టేస్తోందన్నదీ నిజమే. మీరు పంపిన ఫోటోలో సొరుగు పైఅంచున పాలిష్ రాసుకుపోయి, సన్నటి తెల్లని గీత స్పష్టంగా కనిపిస్తోంది. అయితే పచ్చి కర్ర వాడామన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. కోతకు ముందు తేమ కొలిచే మీటరు 10 శాతం చూపించింది. ఆనాటి ఫోటోను దీనితో జతచేస్తున్నాను. బాగా ఆరిన చెక్క కూడా వానాకాలంలో గాలిలోని తేమను పీల్చుకుని, పొడవులో దాదాపు మారకపోయినా, పోగుకు అడ్డంగా ఉబ్బుతుంది. అందుకు తగిన సందు వదలకుండా సొరుగును మరీ బిగువుగా అమర్చడమే మా వడ్రంగి చేసిన పొరపాటు. కాబట్టి లోపం కర్రలో లేదు, మా పనిలో ఉంది.

ఇక కొలత విషయం. 135 సెంటీమీటర్లు చెప్పి 120 ఇచ్చి మోసం చేశామని మీరు రాశారు. మొదటి కాగితంలో 135 ఉన్నమాట వాస్తవమే. కానీ కిటికీ తలుపు తెరుచుకోవడానికి అడ్డమవుతుందని, 120కి తగ్గించమని జూన్ 3న మీ ఫోన్ నుంచే సందేశం వచ్చింది. అదే రోజు మేము పంపిన కొత్త కొలతల చిత్రానికి "సరే" అని జవాబు కూడా వచ్చింది. ఇంట్లో మరెవరైనా పంపి ఉంటే అది మీ దృష్టికి రాకపోయి ఉండవచ్చు. ఆ రెండు సందేశాలను కూడా జతచేశాను, దయచేసి ఒకసారి చూడండి.

ఈ కారణాల వల్ల మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వలేను. రవాణాకు తీసుకున్న మొత్తాన్ని మాత్రం ఈ వారంలోనే తిరిగి పంపుతాను. శనివారం ఉదయం వడ్రంగితో పాటు నేనూ వచ్చి, సొరుగును చిత్రిక పట్టించి, అక్కడే పాలిష్ వేయించి ఇస్తాను. ఏడాదిలోగా మళ్లీ పట్టేస్తే కొత్త సొరుగు ఉచితంగా చేసిస్తాం. 135 సెంటీమీటర్ల పైపలక కావాలనుకుంటే చెక్క ఖర్చు మాత్రమే తీసుకుని, కూలి లేకుండా చేయిస్తాను.

శనివారం మీకు వీలు కాకపోతే, అనువైన రోజు ఏదో తెలియజేయండి.

భవదీయుడు,
వడ్రంగి కార్ఖానా నిర్వాహకుడు