ఈ ఆదివారం మన సంగీత పాఠశాల వార్షికోత్సవం

రాజోలులో సాయంత్రం కాలువ గట్టు మీద వెళ్తుంటే వినిపించే సరిగమలు మన పిల్లలవే! ఈ ఆదివారం వాళ్ళు స్టేజీ ఎక్కుతున్నారు. పాఠశాల ఆవరణలోనే.

సాయంత్రం 5 గంటలకు చిన్నారుల సరళీ స్వరాలు, మలహరి గీతాలు. 6కి వీణ, వయొలిన్, మృదంగం. 7 నుంచి పెద్ద పిల్లల వర్ణాలు, కీర్తనలు. బాలమురళీకృష్ణ గారు పుట్టిన శంకరగుప్తం మన పక్కనే కదా, ఆయన కృతి లేకుండా ఎలా? 8:30కి మంగళం.

మొదటిసారి మైకు ముందు కూర్చునే ఏడేళ్ళ పిల్లకి శ్రుతిపెట్టె కన్నా ఎదురుగా అమ్మమ్మ మొహం కనపడితేనే ధైర్యం. అందుకే ముందు వరుస కుర్చీలు అమ్మమ్మలకీ తాతయ్యలకీ.

ప్రవేశం ఉచితం. టికెట్లు, పాసులు ఏమీ లేవు. ఇంటిల్లిపాదీ రండి, పక్కింటివాళ్ళనీ తీసుకురండి. చివర్లో పులిహోర ఉంది. ఫోన్లు మాత్రం సైలెంట్‌లో పెట్టండి!