సంతకానికి ముందు: తుంటి ఆపరేషన్ గురించి ఇంట్లోవాళ్ళతో సర్జన్ మాట

కూర్చోండి. అమ్మాయిగారు డల్లాస్ నుంచి లైన్లోనే ఉన్నారు కదా, స్పీకర్ పెట్టి ఫోన్ టేబుల్ మీద ఉంచండి. అందరికీ ఒకేసారి చెప్తాను.

పొద్దున రౌండ్స్‌లో ఇదంతా అమ్మగారికి చెప్పాను. "మా పిల్లలకీ చెప్పండి బాబూ, ఆ తర్వాత సంతకం పెడతా" అన్నారు. చిన్నబ్బాయిగారు బయట నన్ను ఆపి, రిస్కుల సంగతి అమ్మకి చెప్పొద్దన్నారు. ఆయన భయం నాకు తెలుసు. కానీ అమ్మగారు పూర్తి తెలివిలో ఉన్నారు. తేదీ అడిగితే తేదీతో పాటు తిథి కూడా చెప్పారు. అలాంటప్పుడు ఒప్పుకోవాల్సిందీ, కాదనాల్సిందీ ఆవిడే. ఫారంలో పైన ఆవిడ సంతకం, కింద సాక్షిగా మీలో ఒకరిది.

ఇదిగో ఎక్స్‌రే. నిన్న సాయంత్రం బాత్రూంలో జారినప్పుడు ఎడమ తుంటి దగ్గర, తొడ ఎముక మెడ భాగం విరిగింది. రెండు ముక్కలూ పక్కకి జరిగిపోయాయి, చూడండి. ఈ పైన గుండ్రంగా ఉన్నదానికి రక్తం ఈ మెడ మీదుగానే వెళ్తుంది. ఇంతగా జరిగిపోయాక ఆ రక్తనాళాలు సాధారణంగా దెబ్బతింటాయి. అందుకే అతుక్కోవడం కష్టం. అతుక్కున్నా ఆ గుండ్రటి భాగం కొన్ని నెలలకి చచ్చుబడిపోవచ్చు. మేం చేద్దామనుకుంటున్నది ఆ భాగం తీసేసి, లోహంతో చేసిన బంతి పెట్టడం. ఫారంలో "బైపోలార్ హెమీఆర్థ్రోప్లాస్టీ, ఎడమ వైపు, బోన్ సిమెంట్‌తో" అని రాసింది దీన్నే. ఆ "ఎడమ" అన్న మాట మీరూ ఒకసారి చదవండి. రేపు ఓటీకి తీసుకెళ్ళేముందు ఆ కాలి మీద మార్కర్‌తో గుర్తు పెడతాం, అదీ చూసుకోండి.

ఇక పైన ఎర్ర అక్షరాల్లో ఉన్న "హై రిస్క్ కన్సెంట్". అది చూసి కోడలుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట, సిస్టర్ చెప్పింది. ఆ మాట ఎందుకు రాశామో చెప్తాను. అమ్మగారికి 72 ఏళ్ళు, షుగరు ఎప్పటినుంచో ఉంది, మూడేళ్ళ క్రితం గుండెకి స్టెంట్ వేశారు, రక్తం 9.6 ఉంది. ఎకో బాగానే వచ్చింది, గుండె డాక్టరు చూసి ఆపరేషన్ చేయొచ్చని రాశారు. చేయొచ్చు అన్నారుగానీ ప్రమాదం లేదని ఆయన అనలేదు, నేనూ అనను.

దాచకుండా చెప్పాలంటే, ఈ వయసులో తుంటి విరిగినవాళ్ళలో, ఆపరేషన్ చేసినా, నెలలోపు చనిపోయేవాళ్ళు వందకి ఐదు నుంచి పదిమంది దాకా ఉంటారు. ఏడాది తిరిగేసరికి ఆ సంఖ్య ఇరవై దాటుతుంది. అందులో చాలావరకు కత్తి వల్ల జరిగేది కాదు. గుండె, ఊపిరితిత్తులు, మంచాన పడటం, ఇవన్నీ కలిసి లాగేస్తాయి. అమ్మగారికి స్టెంట్ ఉంది కాబట్టి ఆపరేషన్ టైములోగానీ తర్వాత మొదటి రెండు మూడు రోజుల్లోగానీ గుండెపోటు రావచ్చు. అందుకే మొదటి రాత్రి ఐసీయూలో ఉంచుతాం. ఐసీయూ అనగానే ఏదో జరిగిపోయిందని కంగారు పడకండి, అది ముందే అనుకున్నది.

సిమెంట్ పెట్టే ఆ కొద్ది నిమిషాల్లో కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. అరుదే, కానీ ప్రాణం మీదికి రావచ్చు. మత్తు డాక్టరుకి ముందే చెప్పి, ఆయన సిద్ధంగా ఉన్నాకే పెడతాం. సిమెంట్ లేకుండా చేయొచ్చు కదా అంటారేమో. అమ్మగారి ఎముక బాగా గుల్లబారింది. అలాంటి ఎముకలో సిమెంట్ లేకపోతే బంతికి కింద ఉండే రాడ్‌ని లోపలికి దించేటప్పుడు పగుళ్ళొచ్చే అవకాశం ఎక్కువ. రెండూ తూచాక సిమెంట్ వైపే మొగ్గాను.

కాలి రక్తనాళాల్లో గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకి వెళ్ళొచ్చు. దానికి ఇంజెక్షన్లు ఇస్తాం, మర్నాడే లేపి నిలబెడతాం. కుట్ల దగ్గర చీము పట్టడం వందలో ఒకరిద్దరికి ఉంటుంది, షుగరున్నవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ. చీము లోపలిదాకా వెళ్తే మళ్ళీ తెరిచి కడగాలి, ఒక్కోసారి బంతి తీసేయాల్సి వస్తుంది. బంతి గూటిలోంచి జారొచ్చు. అందుకే కొన్ని వారాలు కింద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, ఇండియన్ టాయిలెట్ వద్దు. ఇంట్లో కమోడ్ కుర్చీ ఈలోపే చూసి పెట్టండి. కాలు కొంచెం పొడవుగానో పొట్టిగానో అనిపించొచ్చు. నరానికి దెబ్బ తగిలి పాదం పైకి లేవకపోవడం చాలా అరుదు.

ఇంకొకటి, ఇది ఫారంలో ఒక్క లైనులో ఉందిగానీ మిమ్మల్ని ఎక్కువ భయపెట్టేది ఇదే. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు ఆవిడ తికమకగా మాట్లాడొచ్చు. మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు, రాత్రిళ్ళు సెలైన్ పీకేయొచ్చు. పెద్దవయసువాళ్ళకి తరచుగా అవుతుంది, ఎక్కువమందికి తగ్గిపోతుంది. కళ్ళజోడు, చెవి మిషన్ దగ్గరుంచండి. తెలిసిన మనిషి ఒకరు పక్కనుంటే సగం మందు.

మరి వేరే దారి లేదా? పెద్దబ్బాయిగారు పుత్తూరు కట్టు అడిగారు. ఆయన అడిగినందుకు నేనేం అనుకోలేదు. చేతి ఎముకలకి అక్కడ కట్టించుకుని బాగైనవాళ్ళు మన నెల్లూరులో ఇంటికొకరు కనిపిస్తారు. కానీ ఇది తుంటి లోపలి ఎముక. బయట ఏ కట్టు కట్టినా ఆ ముక్కల్ని కదలకుండా పట్టుకోలేదు. స్క్రూలు వేయడం రెండో దారి. చిన్న ఆపరేషన్, రక్తం తక్కువ పోతుంది. కానీ ఎముక ఇంతగా జరిగినప్పుడు, ఈ వయసులో, అది విఫలమై రెండోసారి కోయాల్సి రావడం మామూలు. బంతి కూర్చునే గిన్నెతో సహా మొత్తం కీలు మార్చడం మూడోది. బాగా తిరిగేవాళ్ళకి అది మంచిదేగానీ ఆపరేషన్ పెద్దది, జారే ప్రమాదమూ ఎక్కువ. అమ్మగారు ఇల్లూ గుడీ తప్ప పెద్దగా తిరగరన్నారు కాబట్టి దానికి నేను మొగ్గలేదు.

అసలు ఏదీ చేయకపోవడం కూడా ఒక దారే. నొప్పికి మందులిచ్చి మంచం మీదే ఉంచడం. ఆవిడ అదే కోరుకుంటే ఆ వైద్యమే చేస్తాం, డిశ్చార్జ్ చేసి పంపేయం. కానీ వారాల తరబడి కదలకుండా పడుకుంటే వీపు పుండ్లు, న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాళ్ళలో గడ్డలు. మళ్ళీ నడవడం దాదాపు ఉండదు. నన్నడిగితే అమ్మగారికి ఆపరేషన్ కంటే మంచమే పెద్ద ప్రమాదం. ఆలస్యం కూడా అలాంటిదే, అందుకే రేపే అంటున్నాను.

నాలుగో పేజీలో "అవసరమైతే ఇతర ప్రొసీజర్లు" అని అచ్చులో ఉంది. దాన్ని కొట్టేసి, "ఎముక పగిలితే వైరు చుట్టడం, అవసరమైతే రక్తం ఎక్కించడం" అని చేత్తో రాశాను. ముందు చెప్పనిది, ప్రాణం మీదికొస్తే తప్ప, చేయకూడదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. బి పాజిటివ్ రెండు యూనిట్లు పెట్టించాం. ఫొటోలు పాఠాలకి వాడుకోవచ్చన్న లైను మీకిష్టం లేకపోతే కొట్టేయండి, వైద్యంలో ఏ తేడా ఉండదు. సంతకం పెట్టాక కూడా, ఓటీ తలుపు దాకా వచ్చాక కూడా, ఆవిడ వద్దంటే ఆపేస్తాం. ఇంకో డాక్టరుకి చూపించాలంటే ఎక్స్‌రే, రిపోర్టులు ఇప్పుడే ఇస్తాను, సాయంత్రంలోగా చూపించుకురండి.

రేపు ఎనిమిదింటికి మొదటి కేసు ఆవిడదే. రాత్రి పన్నెండు తర్వాత తిండి వద్దు. మంచినీళ్ళు ఆరింటిదాకా ఇవ్వచ్చు, పాలు, కాఫీ ఇవ్వకండి. పొద్దున షుగరు మాత్ర వేయకండి, ఎకోస్ప్రిన్ మాత్రం ఆపొద్దు, బీపీ మాత్ర సంగతి మత్తు డాక్టరు చెప్తారు. గాజులు, పళ్ళసెట్టు తీసి మీ దగ్గరుంచుకోండి.

అమ్మాయిగారూ, నడుముకి ఇంజెక్షనా, పూర్తి మత్తా అని అడిగారు. నడుముకే అనుకుంటున్నాం, కానీ అది మత్తు డాక్టరు నిర్ణయం. ఆయన ఐదింటికి వార్డుకొస్తారు, దానికి ఆయన ఫారం వేరే ఉంటుంది. మీకు తెల్లవారుజాము అవుతుందేమో, వీలైతే మళ్ళీ లైన్లోకి రండి. ఫారం మీ దగ్గరే ఉంచుతున్నాను. చదువుకుని అమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళండి, ఆవిడ సంతకం పెట్టేటప్పుడు నన్ను పిలవండి, నేనూ ఉండాలి.