మానవ వనరుల నిర్వహణ: ఉద్యోగ మూల్యాంకనంపై ప్రశ్న, దిద్దేవారికి సూచనలు

ప్రశ్న (20 మార్కులు)

ఒక సంస్థలో మేనేజర్ మూడు ఉద్యోగాలకు ర్యాంకులు ఇచ్చాడు: మెయింటెనెన్స్ టెక్నీషియన్ 1, అకౌంట్స్ అసిస్టెంట్ 2, స్టోర్ క్లర్క్ 3. ప్రస్తుత నెల జీతాలు వరుసగా 20,000, 22,000, 25,000. తర్వాత కమిటీ 500 పాయింట్ల స్కేలు తయారు చేసింది. నైపుణ్యానికి 200, బాధ్యతకు 150, శ్రమకు 100, పని పరిస్థితులకు 50 పాయింట్లు. ప్రతి కారకానికి సమాన దూరంలో 5 స్థాయిలు. కారకాల క్రమంలో స్థాయిలు ఇవి:

టెక్నీషియన్: 4, 3, 4, 4
అకౌంట్స్ అసిస్టెంట్: 4, 3, 2, 1
స్టోర్ క్లర్క్: 3, 2, 3, 2

(అ) పాయింట్లు లెక్కించండి. (4)
(ఆ) "వరుస మారలేదు కదా, ఇంత కష్టం ఎందుకు?" అని మేనేజర్ అడిగాడు. జవాబివ్వండి. (6)
(ఇ) జీతం = 5,000 + 60 × పాయింట్లు. 201–300 పాయింట్లు ఒక గ్రేడ్, 301–400 మరొకటి. మధ్య బిందువులుగా 250, 350 తీసుకుని, కనిష్ఠం కన్నా గరిష్ఠం 50 శాతం ఎక్కువ ఉండేలా పరిధులు కట్టండి. (6)
(ఈ) ఎవరి జీతం పరిధి దాటింది? ఏం చేస్తారు? (4)

దిద్దేవారికి

(అ) 370, 300, 260.

(ఆ) అసలు ప్రశ్న ఇదే. ర్యాంకింగ్ ఉద్యోగాన్ని మొత్తంగా చూస్తుంది కాబట్టి వరుస చెబుతుంది, దూరం చెప్పదు. ఇక్కడ మొదటి రెండింటి మధ్య తేడా 70, తర్వాతి రెండింటి మధ్య 40. ఈ అంకెలు లేకపోతే గ్రేడ్ గీత ఎక్కడ గీయాలో తెలియదు, ఫిర్యాదు వస్తే కారణమూ చూపలేం. మూడు ఉద్యోగాలకు ర్యాంకింగే చవక, త్వరగా అయిపోతుంది. 50 ఉద్యోగాలను జతలుగా పోల్చాలంటే 1,225 పోలికలు. పాయింట్ పద్ధతిలోనూ వెయిటేజీ ఇచ్చేది మనుషులే. ఈ మాట రాసినవారికి ఒక మార్కు తప్పక ఇవ్వండి. "పాయింట్ పద్ధతి శాస్త్రీయం" అని ఊరికే అన్నవారికి ఏమీ వద్దు.

(ఇ) మధ్య జీతాలు 20,000, 26,000. కనిష్ఠానికి 1.25తో భాగించాలి. పరిధులు 16,000–24,000, 20,800–31,200. చాలామంది మధ్య జీతంలోంచి 50 శాతం తీసేస్తారు, అది తప్పు. రెండు పరిధులు కొంత కలవడం తప్పు కాదు.

(ఈ) టెక్నీషియన్ కనిష్ఠం కన్నా 800 తక్కువ, వెంటనే పెంచాలి. క్లర్క్ గరిష్ఠం కన్నా 1,000 ఎక్కువ. జీతం కోయకుండా, పరిధి అందుకునేదాకా ఇంక్రిమెంటు ఆపాలి. అకౌంట్స్ అసిస్టెంట్ పరిధిలోనే ఉన్నా, సరిగ్గా 300 దగ్గర ఆగాడు. శ్రమ ఒక్క స్థాయి పెరిగితే పై గ్రేడ్. ఇది గమనించి రాసినవారు మిగతా చోట కొంచెం తడబడినా పూర్తి మార్కులు ఇవ్వండి.