సెమిస్టర్ మార్కులతో ముడిపడిన అంశాలు: రిగ్రెషన్ విశ్లేషణ ఫలితాలు

నివేదిక ముసాయిదాలో ఈ చోట సాఫ్ట్‌వేర్ తెరమీది పట్టికను స్క్రీన్‌షాట్‌గా అతికించాం. దాన్ని చదివిన అధ్యాపకుల్లో పలువురు పక్కనున్న నక్షత్రాల గుర్తులను మాత్రమే చూసి వదిలేశామని చెప్పారు. అందుకే అందులోని అంకెలను ఇక్కడ మాటల్లో వివరిస్తున్నాం. సరిపోల్చుకోదలచినవారి కోసం గుణకాల భాగాన్ని ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాం.

```
            Estimate Std. Error t value Pr(>|t|)
(Intercept)    6.412      4.870   1.317   0.1894
attend         0.183      0.052   3.519   0.0005 ***
study          0.641      0.214   2.995   0.0031 **
prev           0.527      0.058   9.086   <2e-16 ***
job           -2.874      1.392  -2.065   0.0402 *
travel        -0.031      0.024  -1.292   0.1979

Residual standard error: 8.63 on 206 degrees of freedom
  (19 observations deleted due to missingness)
Multiple R-squared: 0.472, Adjusted R-squared: 0.459
```

మొత్తం 231 మంది విద్యార్థుల వివరాలు సేకరించగా, విశ్లేషణలోకి 212 మంది వచ్చారు. మిగిలిన 19 మందిలో 11 మంది కోర్సు మధ్యలో చేరినందువల్ల వారికి గత సెమిస్టర్ మార్కులు లేవు. 8 మంది సొంత చదువు గంటల ప్రశ్నకు జవాబివ్వలేదు. పట్టికలో attend అంటే హాజరు శాతం, study అంటే వారానికి తరగతి వెలుపల చదివిన గంటలు, prev అంటే గత సెమిస్టర్‌లో వందకు వచ్చిన మార్కులు, job అంటే పార్ట్‌టైం ఉద్యోగం చేస్తున్నారా లేదా అన్నది, travel అంటే కళాశాలకు రావడానికి పట్టే నిమిషాలు. ఈ అయిదింటి ఆధారంగా ఈ సెమిస్టర్ పరీక్షలో వందకు వచ్చిన మార్కులను అంచనా వేశాం. కింద చెప్పిన ప్రతి సంఖ్యా మిగతా నాలుగు అంశాలు సమానంగా ఉన్న విద్యార్థులను పోల్చినప్పుడు కనిపించే సగటు తేడా.

మార్కులతో అన్నిటికన్నా గట్టిగా ముడిపడినది గత సెమిస్టర్ ఫలితం. అప్పట్లో 10 మార్కులు ఎక్కువ తెచ్చుకున్న విద్యార్థికి ఈసారి సగటున 5.3 మార్కులు ఎక్కువ వచ్చాయి (95 శాతం విశ్వాస అంతరం 4.1 నుంచి 6.4). ఇది ఎవరూ ఊహించనిది కాదు. అయినా దీన్ని లెక్కలో ఉంచడం తప్పనిసరి: గతంలోనే ముందున్నవారు సహజంగా తరగతులకు కూడా ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఈ అంశాన్ని తీసివేస్తే హాజరుకు దక్కని ఘనత హాజరు ఖాతాలో పడిపోయేది.

ఆ సర్దుబాటు తర్వాత కూడా హాజరుకు మార్కులతో స్పష్టమైన సంబంధం కనిపించింది. హాజరు 10 శాతం పాయింట్లు పెరిగినచోట మార్కులు సగటున 1.8 ఎక్కువగా ఉన్నాయి (0.8 నుంచి 2.9). ఒక ఉదాహరణ చూద్దాం. గత సెమిస్టర్‌లో 60 మార్కులు తెచ్చుకుని, వారానికి 6 గంటలు సొంతంగా చదువుతూ, ఉద్యోగం లేకుండా, 40 నిమిషాలు ప్రయాణించి వచ్చే ఇద్దరు విద్యార్థులున్నారనుకుందాం. వారిలో హాజరు 65 శాతం ఉన్నవారికి ఈ సమీకరణం 52.5 మార్కులను, 85 శాతం ఉన్నవారికి 56.2 మార్కులను అంచనా వేస్తుంది. 20 శాతం హాజరు తేడాకు నాలుగు మార్కులకు కాస్త తక్కువ తేడా అన్నమాట. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. అలాగని హాజరు ఒక్కటీ సరిదిద్దితే ఫలితాలు మారిపోతాయనడానికీ ఇది చాలదు.

సొంత చదువు విషయంలో వారానికి ఒక గంట పెరిగినచోట 0.64 మార్కు, అంటే 5 గంటలకు 3.2 మార్కులు ఎక్కువగా కనిపించాయి (5 గంటలకు 1.1 నుంచి 5.3). పట్టికను పైపైన చూస్తే 0.641 అనే ఈ గుణకం గత మార్కుల గుణకం 0.527 కన్నా పెద్దది కాబట్టి, సొంత చదువే అన్నిటికన్నా ముఖ్యమనిపించవచ్చు. ముసాయిదా మీద వచ్చిన వ్యాఖ్యల్లో ఒకటి ఆ మాటే అంది. కానీ ఒకటి గంటకు కొలత, మరొకటి మార్కుకు కొలత. గత మార్కులు విద్యార్థికీ విద్యార్థికీ మధ్య పదుల్లో తేడా పడతాయి, చదువు గంటలు మాత్రం ఎక్కువమందిలో మూడు నాలుగు గంటల తేడాలోనే ఉన్నాయి. కొలమానాలు వేరైనప్పుడు గుణకాలను పక్కపక్కన పెట్టి పెద్దదేదో తేల్చకూడదని పాఠకులను గట్టిగా కోరుతున్నాం.

పార్ట్‌టైం ఉద్యోగం చేస్తున్న 58 మందికి, మిగతా అంశాల్లో తమవంటివారే అయిన విద్యార్థులకన్నా సగటున 2.9 మార్కులు తక్కువ వచ్చాయి. ఈ అంకెను మాత్రం జాగ్రత్తగా చదవాలి. దీని విశ్వాస అంతరం 0.1 నుంచి 5.6 మార్కుల దాకా విస్తరించి ఉంది. అంటే అసలు తేడా దాదాపు ఏమీ లేకపోవడం నుంచి అయిదు మార్కులు దాటడం వరకు ఏదైనా ఈ సమాచారంతో పొసగుతుంది. పి-విలువ 0.04 అంటే ఉద్యోగానికీ మార్కులకూ నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా, యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం నూటికి నాలుగు అని అర్థం. ఉద్యోగం మార్కులను తగ్గించిందనడానికి 96 శాతం రుజువు ఉందని దాని అర్థం కాదు. పైగా ఇంటి ఆర్థిక ఇబ్బందుల వివరాలు మా దగ్గర లేవు, ఉద్యోగానికీ చదువుకూ వెనక ఉన్న కారణం అదే కావచ్చు. ఈ విద్యార్థులను ఉద్యోగం మానమని చెప్పడానికి ఎవరూ ఈ ఫలితాన్ని ఆధారంగా చూపకూడదు.

ప్రయాణ సమయానికి మార్కులతో స్పష్టమైన సంబంధం కనిపించలేదు. రోజూ 30 నిమిషాలు ఎక్కువ ప్రయాణించేవారికి సగటున 0.9 మార్కు తక్కువ వచ్చినా, అంతరం 2.3 తక్కువ నుంచి 0.5 ఎక్కువ వరకు ఉంది. సంబంధం లేదని తేలిందని కాక, ఉందో లేదో ఈ సమాచారంతో చెప్పలేమని దీన్ని అర్థం చేసుకోవాలి. పట్టిక మొదటి వరుసలోని 6.412 అన్ని అంశాలూ సున్నా అయినప్పటి అంచనా. హాజరు సున్నా, గత మార్కులు సున్నా అయిన విద్యార్థి మా సమాచారంలో లేరు కాబట్టి దానికి విడిగా వివరణ ఇవ్వడం లేదు.

ఇవన్నీ ఒక సెమిస్టర్‌లో గమనించిన సంబంధాలు మాత్రమే. హాజరు తగ్గడానికి అనారోగ్యం కారణమైతే, మార్కులు తగ్గడానికీ అదే కారణమై ఉండవచ్చు. చదువు గంటలు విద్యార్థులు తమంతట తాము చెప్పినవి. అంశాలు ఒకదానితో ఒకటి మరీ ఎక్కువగా పెనవేసుకుని లేవని, అంచనా దోషాల చిత్రంలో చెప్పుకోదగ్గ వంపు లేదని సరిచూశాం.

అయిదు అంశాలూ కలిసి మార్కుల్లోని వైవిధ్యంలో 47 శాతాన్ని వివరిస్తున్నాయి. సగానికి పైగా బయటే మిగిలింది. సమీకరణం వేసే అంచనాకూ అసలు మార్కులకూ మధ్య తేడా మామూలుగా 8, 9 మార్కుల స్థాయిలో ఉంటుంది. అంచనా 55 వచ్చిన విద్యార్థుల్లో ఎక్కువమందికి అసలు మార్కులు 38 నుంచి 72 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి అదనపు తరగతులకు ఎవరిని పిలవాలన్న నిర్ణయానికి ఈ సమీకరణం ఇచ్చే అంకెను వాడకూడదని, ఆ పేర్లను తరగతి అధ్యాపకులు విద్యార్థులతో మాట్లాడిన తర్వాతే ఖరారు చేయాలని కమిటీ కోరుతోంది.